అనధికార ప్రవేశం, ఫిషింగ్, మధ్యవర్తి వేదిక: ఎటోబికో నేపథ్యంగా ఒక పరీక్ష ప్రశ్న

కెనడాలో సైబర్ నేరాల పేపర్‌లో ప్రశ్న సాధారణంగా కథ రూపంలో వస్తుంది. ఎవరో ఒక లింకు పంపుతారు, ఇంకెవరో నమ్మి పాస్‌వర్డ్ కొడతారు, డబ్బు పోతుంది. చివర్లో "సంబంధిత వేదిక బాధ్యతను కూడా చర్చించండి" అని ఒక వాక్యం ఉంటుంది. చాలామంది ఈ కథంతటికీ 'హ్యాకింగ్' అని ఒక్క పేరు పెట్టి, దానికి ఒక్క సెక్షన్ కోసం వెతుకుతారు. అలాంటి సెక్షన్ లేదు. కెనడా క్రిమినల్ కోడ్‌లో ఫిషింగ్ అనే పేరుతో నేరమే లేదు. వేదికలను అన్ని నేరాల నుంచీ కాపాడే రక్షణ సెక్షన్ కూడా లేదు. కథలోని ఒక్కొక్క మనిషినీ విడిగా నిలబెట్టి, అతను ఏం చేశాడు, ఏం తెలిసి చేశాడు అని అడగడమే ఇక్కడ పద్ధతి. ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో టొరంటో పడమటి భాగమైన ఎటోబికోలో మొదలైన ఒక పాత కేసు చెబుతుంది.

డిక్సన్ రోడ్డు హోటల్

1998లో టొరంటోలో కలిసిపోక ముందు ఎటోబికో వేరే నగరం. విమానాశ్రయం పక్కనే డిక్సన్ రోడ్డు మీద కాన్‌స్టలేషన్ హోటల్ ఉండేది. అక్కడి సుమారు 600 మంది ఉద్యోగులను ఒక కార్మిక సంఘం కూడగట్టాలనుకుంది. ఉద్యోగుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇవ్వడానికి హోటల్ ఒప్పుకోలేదు, అవి గోప్యం అంది. స్టువర్ట్ అనే కన్సల్టెంట్, సంఘం తరఫున వచ్చాడని తాను అనుకున్న ఒక వ్యక్తి కోసం, హోటల్ సెక్యూరిటీ ఉద్యోగి ఒకరిని కదిపాడు. ఆ జాబితా తెచ్చిస్తే డబ్బిస్తానన్నాడు. కాగితాలు ఎత్తుకు రానక్కర్లేదు, వివరాలు రాసుకొస్తే చాలు. ఆ ఉద్యోగి పోలీసులకు చెప్పాడు. ఫోన్ సంభాషణ రికార్డయింది.

దొంగతనానికి, మోసానికి పురికొల్పాడని కేసు పెట్టారు. కింది కోర్టు విడిచిపెట్టింది, 1983లో ఒంటారియో అప్పీలు కోర్టు నేరమే అంది, చివరికి 1988లో సుప్రీంకోర్టు మళ్లీ విడిచిపెట్టింది. సుప్రీంకోర్టు చూపిన కారణం ఈనాటి విద్యార్థికి ఎంతో అవసరం. దొంగతనం అంటే ఒకరి దగ్గరున్న వస్తువు వారికి లేకుండా చేయడం. జాబితా నకలు తీసుకున్నా హోటల్ దగ్గర జాబితా అలాగే ఉంటుంది. గోప్యమైన సమాచారం ఎంత విలువైనదైనా దొంగతనం సెక్షన్ దృష్టిలో ఆస్తి కాదు. మార్చాలంటే పార్లమెంటు మార్చాలి.

అప్పటికే పార్లమెంటు ఒక అడుగు వేసింది. 1980లో మెక్‌లాఫ్లిన్ కేసులో, అల్బర్టా విశ్వవిద్యాలయం కంప్యూటర్‌ను అనుమతి లేకుండా వాడిన విద్యార్థిని 'టెలికమ్యూనికేషన్ సౌకర్యం' దొంగిలించాడని శిక్షించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లోటు పూడ్చడానికి 1985లో కొత్త నేరం పుట్టింది. ఈ రోజు అది సెక్షన్ 342.1. స్టువర్ట్ చేసిన పని ఆ సెక్షన్ రాకముందుది. ఇప్పుడు జరిగితే? జాబితా కంప్యూటర్‌లో ఉండి, దాన్ని తెరిచి చదివితే 342.1 వర్తిస్తుంది, ఎందుకంటే దాచిన డేటాను బయటకు తీయడం కూడా 'కంప్యూటర్ సేవ' కిందికే వస్తుంది. అదే జాబితా బీరువాలో కాగితం మీద ఉంటే ఆ సెక్షన్ ముట్టదు. శిక్ష సమాచారానికి కాదు, ప్రవేశానికి. ఈ ముక్క పట్టుకుంటే మిగతా సమాధానం దారిలో పడుతుంది. "డేటా దొంగతనం, సెక్షన్ 322" అని మొదలుపెట్టిన సమాధానం మొదటి పేరాలోనే తప్పటడుగు వేసినట్టు.

ప్రశ్న

పరీక్షల్లో వచ్చే తరహాలో కల్పించిన సమస్య ఇది. శ్రావణి రెక్స్‌డేల్ ప్రాంతంలో ఒక బేస్‌మెంట్ గది మాట్లాడుకుంది. ఒంటారియోలో ఇంటి యజమాని డ్యామేజీ డిపాజిట్ అడగకూడదు, చివరి నెల అద్దె మాత్రం ముందుగా తీసుకోవచ్చు. ఆ లెక్కన 1,400 డాలర్లు యజమాని మోహన్‌కు ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్ చేసింది. సెక్యూరిటీ ప్రశ్నగా "ఇల్లు ఏ వీధిలో ఉంది?" అని పెట్టింది. అంతకు రెండు రోజుల ముందు మోహన్‌కు "మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, వెంటనే ధ్రువీకరించండి" అని మెయిల్ వచ్చింది. లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టాడు. ఆ పేజీ నడిపేది ఎక్స్. అతను మోహన్ మెయిల్‌లోకి లాగిన్ అయి, ఇంటరాక్ నుంచి వచ్చే ఉత్తరాలన్నీ తనకు ఫార్వర్డ్ అయి, మోహన్ ఇన్‌బాక్స్‌లోంచి చెరిగిపోయేలా ఒక రూల్ పెట్టాడు. డబ్బు నోటీసు రాగానే, పాత ఉత్తరాల్లో వీధి పేరు చూసి, జవాబు కొట్టి, డబ్బు తన ఖాతాలో వేసుకున్నాడు.

ఆ నకిలీ పేజీని ఎక్స్ తయారు చేయలేదు. జెడ్ నడిపే ఆన్‌లైన్ సంతలో వై అనే అమ్మకందారు దగ్గర రెడీమేడ్ కిట్‌గా కొన్నాడు. ప్రతి అమ్మకం మీదా జెడ్‌కు కమిషన్ ముడుతుంది. పేజీ ఒక హోస్టింగ్ కంపెనీ సర్వర్ మీద ఉంది. ఇది నకిలీదని ఒక బ్యాంకు ఆ కంపెనీకి ఫిర్యాదు పంపినా, తొమ్మిది రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మోహన్ మోసపోయింది ఆ తొమ్మిది రోజుల్లోనే. ఎక్స్, వై, జెడ్, హోస్టింగ్ కంపెనీల బాధ్యత ఏమిటి?

ఈ-ట్రాన్స్‌ఫర్ ఎలా పని చేస్తుందో తెలియకపోతే ఈ ప్రశ్న అర్థం కాదు. డబ్బు ఈమెయిల్‌లో ప్రయాణించదు, బ్యాంకుల మధ్యే కదులుతుంది. మెయిల్‌లో వచ్చేది నోటీసు, ఒక లింకు. లింకు నొక్కినవారు తమ బ్యాంకును ఎంచుకుని, ప్రశ్నకు జవాబు చెబితే డబ్బు ఆ ఖాతాలో పడుతుంది. అందుకే మెయిల్‌బాక్స్ ఎవరి చేతిలో ఉంటే, జవాబు ఎవరు ఊహించగలిగితే, డబ్బు వారిది. మోహన్ ఆటోడిపాజిట్ పెట్టుకుని ఉంటే ప్రశ్నే ఉండేది కాదు, డబ్బు నేరుగా అతని ఖాతాలో పడేది, ఎక్స్ మెయిల్ చదివినా ఏమీ చేయలేకపోయేవాడు.

నకిలీ లింకును గుర్తుపట్టే పద్ధతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చిరునామాను `https://` తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు వరకు తీసుకుని, కుడి నుంచి ఎడమకు చదవాలి. `interac.ca.deposit.example` అనే చిరునామాలో `interac.ca` అలంకారం మాత్రమే, అసలు యజమాని కుడి చివర ఉన్న `deposit.example`. బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తు దారిలో ఎవరూ చదవలేరని చెబుతుంది తప్ప, అవతల ఉన్నది నిజమైన బ్యాంకని చెప్పదు.

ఎక్స్ మీద నిలబడే నేరాలు

ఎక్స్ చేసిన పనిని కాలక్రమంలో ముక్కలు చేయాలి. మొదట మోహన్ పాస్‌వర్డ్ చేజిక్కించుకున్నాడు. క్రిమినల్ కోడ్ 'గుర్తింపు సమాచారం' అన్నప్పుడు పేరు, పుట్టిన తేదీతో పాటు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను కూడా చేర్చింది. మోసం, అబద్ధం కలిసి ఉన్న నేరానికి వాడాలనే ఉద్దేశంతో అలాంటి సమాచారం సంపాదించడం, దగ్గర ఉంచుకోవడం సెక్షన్ 402.2 కింద నేరం. గరిష్ఠంగా 5 ఏళ్లు. ఈ సెక్షన్ 2010 జనవరిలో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పాస్‌వర్డ్‌లు పోగేసుకుని, ఇంకా వాడని దశలో దొరికినవాడిని పట్టుకోవడం కష్టమయ్యేది. ఫిషింగ్‌కు సొంత సెక్షన్ లేకపోయినా లోటు తెలియనిది ప్రధానంగా దీనివల్లే.

తర్వాత లాగిన్. 342.1లో అసలు బరువంతా "మోసపూరితంగా, హక్కు ఉందన్న నిజాయితీ గల నమ్మకం లేకుండా" అనే మాటల మీద ఉంది. తన పాత ఉద్యోగం లాగిన్ ఇంకా పనిచేస్తోంది కాబట్టి వాడుకోవచ్చని నిజంగా నమ్మినవాడి విషయంలో ఈ మాటల మీద వాదన నడుస్తుంది. ఎక్స్‌కు ఆ అవకాశం లేదు. అనుమతి ఉంటే అబద్ధపు మెయిల్ పంపాల్సిన పనేముంది? మోహనే స్వయంగా పాస్‌వర్డ్ ఇచ్చాడు కదా అనే వాదన నిలవదు. మోహన్ ఇచ్చింది తన మెయిల్ కంపెనీకి అనుకుని. అబద్ధంతో రాబట్టినది అనుమతి కాదు. మెయిల్‌బాక్స్ తెరవడం కంప్యూటర్ సేవ పొందడం. పాస్‌వర్డ్ వాడటం, దగ్గర ఉంచుకోవడం కూడా అదే సెక్షన్‌లో వేరే క్లాజు. గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు.

ఇక ఫార్వర్డింగ్ రూల్. దీన్ని చాలామంది వదిలేస్తారు, మార్కులు కూడా అక్కడే పోతాయి. నోటీసును మోహన్ కంటపడకుండా చెరిపేయడం డేటాను నాశనం చేయడం, దాని న్యాయమైన వాడకానికి అడ్డుపడటం. ఇది సెక్షన్ 430(1.1), డేటా విషయంలో 'మిస్చీఫ్'. దీనికీ 10 ఏళ్ల దాకా పడవచ్చు. తర్వాత జవాబు కొట్టి డబ్బు తీసుకునేటప్పుడు ఎక్స్ మోహన్‌లా నటించాడు. ఎదురుగా నిలబడి ఫలానావాణ్నని చెప్పనక్కర్లేదు. మరొకరి గుర్తింపు సమాచారాన్ని తనదన్నట్టు వాడటమే నటించడమని సెక్షన్ 403 స్పష్టంగా అంటుంది. దీనికి కూడా 10 ఏళ్లు.

చివరగా మోసం, సెక్షన్ 380. 1993లో తెరూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, నేరచర్యకు రెండు అంశాలు చాలు: నిజాయితీ లేని పని, దానివల్ల ఎదుటివారికి నష్టం లేదా నష్టం కలిగే ముప్పు. బ్యాంకు తర్వాత దయతలచి శ్రావణికి డబ్బు తిరిగి ఇచ్చినా నేరం పోదు, ముప్పు అప్పటికే కలిగింది. కానీ మొత్తం 1,400 డాలర్లే. 5,000 డాలర్లు దాటని మోసానికి గరిష్ఠం 2 ఏళ్లు, దాటితే 14 ఏళ్లు. అంటే ఈ కథలో డబ్బు కాజేయడం కన్నా, ఆ డబ్బు కోసం మెయిల్‌బాక్స్ తెరవడమే చట్టం దృష్టిలో పెద్ద నేరం. "అసలు నేరం మోసం, మిగతావి దానికి తోకలు" అని రాసేవారు ఈ తారతమ్యాన్ని తలకిందులు చేస్తున్నారు.

ఇన్ని సెక్షన్లు పెట్టినా అన్నింటి మీదా విడివిడిగా శిక్ష పడదు. ఒకే తప్పుకు ఒకే నేరనిర్ధారణ అన్నది 1975 నాటి కినాపుల్ సూత్రం. పాస్‌వర్డ్ వాడటం, దానితో లాగిన్ కావడం ఒకే చర్యకు రెండు ముఖాలని కోర్టు ఒకదాన్ని నిలిపివేయవచ్చు. నోటీసును చెరిపేసే రూల్ మాత్రం వేరే హాని, అది విడిగా నిలుస్తుంది. ఒకవేళ మోహన్ లింకు నొక్కకపోయి ఉంటే? అప్పుడు మిగిలేది మోసానికి ప్రయత్నం, సెక్షన్ 24. ఎరవేసినవాడు చేప పడకపోయినా కోర్టు నుంచి తప్పించుకోలేడు.

కిట్ అమ్మినవాడు

వై ఎవరి మెయిల్‌లోకీ వెళ్లలేదు. అతని మీద రెండు దారులున్నాయి. ప్రధానంగా అనధికార ప్రవేశం కోసమే తయారైన పరికరాన్ని, అది అందుకే వాడతారని తెలిసి అమ్మడం సెక్షన్ 342.2. ఇక్కడ పరికరం అంటే ప్రోగ్రామ్ కూడా. మెయిల్ కంపెనీ లోగో, పాస్‌వర్డ్ పెట్టె, కొట్టిన అక్షరాలను కొన్నవాడు చెప్పిన చిరునామాకు పంపే స్క్రిప్టు, ఈ మూడూ ఉన్న కిట్‌కు వేరే నిజాయితీ ప్రయోజనం ఊహించడం కష్టం. గరిష్ఠం 2 ఏళ్లే కాబట్టి ప్రాసిక్యూషన్ రెండో దారి కూడా చూస్తుంది: నేరానికి పురికొల్పడం.

ఆ దారికి 2005 నాటి హామిల్టన్ తీర్పు ఉంది. హామిల్టన్ ఈమెయిళ్లలో 'రహస్య ఫైళ్లు' అమ్మాడు. వాటిలో చెల్లుబాటయ్యే క్రెడిట్ కార్డు నంబర్లు పుట్టించే ప్రోగ్రామ్ ఉందని ప్రకటన. తను డబ్బు కోసమే అమ్మానని, ఎవరూ వాడాలని కోరుకోలేదని వాదించాడు. ఎందుకు అమ్మాడన్నది వేరు, ఏం తెలిసి అమ్మాడన్నది వేరని సుప్రీంకోర్టు అంది. నేరం జరిగే ముప్పు గణనీయంగా ఉందని తెలిసీ, దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్లడం పురికొల్పడానికి సరిపోతుంది. మోసానికి పురికొల్పిన ఆరోపణ మీద మళ్లీ విచారణ జరపమంది. "చదువుకోసం మాత్రమే" అని కిట్ కింద చిన్న అక్షరాల్లో రాసిన వై లాంటివారికి ఈ తీర్పు మింగుడుపడదు.

వేదిక: సంత నడిపేవాడు, సర్వర్ ఇచ్చేవాడు

ఇక్కడే ఎక్కువమంది సమాధానం పలచబడుతుంది. "మధ్యవర్తి బాధ్యత" అని శీర్షిక పెట్టి అమెరికా సెక్షన్ 230 గురించి ఒక పేజీ రాస్తారు. అది అమెరికా చట్టం. 2020 జులై 1న అమల్లోకి వచ్చిన అమెరికా-మెక్సికో-కెనడా ఒప్పందంలోని 19.17 అధికరణం దాని ఛాయల్లో ఉన్నా, అది సివిల్ బాధ్యతకే సంబంధించింది, క్రిమినల్ చట్టానికి అడ్డం రాదు. కాపీరైట్ విషయంలో కెనడా వేదికలకు నిర్దిష్టమైన రక్షణలున్నాయి. మోసం విషయంలో అలాంటివి లేవు.

క్రిమినల్ కోడ్ సెక్షన్ 21 ప్రకారం నేరానికి సాయపడటం కోసం ఏదైనా చేసినవాడు, లేదా చేయాల్సింది చేయకుండా వదిలినవాడు కూడా నేరస్థుడే. 'కోసం' అన్న మాటే కీలకం. 2010లో బ్రిస్కో కేసులో సుప్రీంకోర్టు దీన్ని విప్పి చెప్పింది. అసలు నేరస్థుడి ఉద్దేశం తెలిసి ఉండాలి, సాయపడాలనే ఉద్దేశం ఉండాలి. నేరం జరగాలన్న కోరిక ఉండనక్కర్లేదు. తెలియదనే సాకు కోసం కావాలనే కళ్లు మూసుకుంటే, అది తెలిసినట్టే లెక్క. అజాగ్రత్త మాత్రం సరిపోదు.

జెడ్ పరిస్థితి ఈ గీటురాయి మీద తేలికగా తేలుతుంది. కిట్‌లకు విభాగాలు పెట్టి, అమ్మకందారులకు రేటింగ్‌లు ఇచ్చి, ప్రతి బేరం మీద కమిషన్ పుచ్చుకుంటూ "లోపల ఏం అమ్ముతున్నారో నాకు తెలియదు" అంటే కళ్లు మూసుకోవడం అనే మాటకు అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అయినా నిజ జీవితంలో ఇలాంటి సంత మీద కెనడాలో పడిన దెబ్బ క్రిమినల్ కోడ్ నుంచి రాలేదు. 2022 జనవరి 26న కెనడా రేడియో-టెలివిజన్-టెలికమ్యూనికేషన్ల కమిషన్, అంటే సీఆర్‌టీసీ, 'కెనేడియన్‌హెచ్‌క్యూ' అనే డార్క్ వెబ్ సంతకు సంబంధించి నలుగురికి కలిపి 3,00,000 డాలర్ల పెనాల్టీలు ప్రకటించింది. ముగ్గురికి తలా 50,000, పేరున్న సంస్థల్లా నటిస్తూ ఫిషింగ్ మెయిళ్లు పంపారని. సంతను సృష్టించి నడిపిన వ్యక్తికి 1,50,000, అమ్మకందారుల ఉల్లంఘనలకు తోడ్పడ్డాడని. ఎరవేసిన ఒక్కొక్కరి కన్నా వల అమ్ముడయ్యే చోటును నడిపినవాడికి మూడింతలు.

ఇది 2014 జులై 1న అమల్లోకి వచ్చిన స్పామ్ నిరోధక చట్టం కింద జరిగిన పని. ఆ చట్టం సెక్షన్ 6 అనుమతి లేని వాణిజ్య ఎలక్ట్రానిక్ సందేశాన్ని నిషేధిస్తుంది. సెక్షన్ 9 అలాంటి పనికి సాయపడటాన్ని, ప్రేరేపించడాన్ని, చేయించడాన్ని నిషేధిస్తుంది. జైలు లేదు, పెనాల్టీయే: వ్యక్తికి ఒక ఉల్లంఘనకు 10 లక్షల డాలర్ల దాకా, సంస్థకు కోటి దాకా. అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు.

హోస్టింగ్ కంపెనీ విషయంలో ఈ తేడాయే సమాధానాన్ని మలుపు తిప్పుతుంది. క్రిమినల్ కోడ్ కింద చూస్తే కేసు బలహీనం. ఫిర్యాదు పెట్టెలో పడింది, ఎవరూ తెరవలేదు. ఇది బద్ధకం. సాయపడాలనే ఉద్దేశానికి ఇది దూరం. ఫిర్యాదు చదివి, "నెల బిల్లు కడుతున్నాడుగా, ఉండనీ" అని ఎవరైనా మేనేజర్ అన్న ఉత్తరం బయటపడితే కథ మారుతుంది. అప్పుడు ఆ వ్యక్తి సంస్థలో ఏ స్థాయి వాడన్న ప్రశ్న వస్తుంది, ఎందుకంటే సంస్థను నేరస్థురాలిని చేయాలంటే సెక్షన్ 22.2 ప్రకారం సీనియర్ అధికారి ప్రమేయం చూపాలి.

స్పామ్ చట్టం సెక్షన్ 9 కింద అయితే కంపెనీకి అంత వెసులుబాటు లేదు. 2018 నవంబరులో సీఆర్‌టీసీ ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, ఉద్దేశం లేకపోయినా, ఉల్లంఘన జరుగుతోందని తెలియకపోయినా మధ్యవర్తి మీద బాధ్యత రావచ్చు. కేవలం సందేశాన్ని మోసుకెళ్లే టెలికం సంస్థకు సెక్షన్ 6లో మినహాయింపు ఉంది. మోహన్ మెయిల్ కంపెనీ ఆ మినహాయింపు చాటున నిలుస్తుంది. నకిలీ పేజీని తన సర్వర్ మీద ఉంచి, ఫిర్యాదు అందుకున్న హోస్టింగ్ కంపెనీకి మిగిలేది సెక్షన్ 33: తగినంత జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోవడం. ఫిర్యాదుల పెట్టెను రోజూ ఎవరు చూస్తారు, బ్యాంకు పేరుతో వచ్చిన ఫిర్యాదుకు ఎంత సేపట్లో స్పందించాలి అన్న లిఖిత నియమాలు లేని కంపెనీకి తొమ్మిది రోజుల మౌనాన్ని సమర్థించుకోవడం చాలా కష్టం. మార్గదర్శకం కమిషన్ అభిప్రాయమే, కోర్టు తీర్పు కాదన్నది మాత్రం సమాధానంలో ఒప్పుకోవాలి.

సివిల్ దావా ఎక్కడ ఆగుతుంది

శ్రావణి, మోహన్ నష్టపరిహారం అడిగితే? ఒంటారియోలో 2012 నాటి జోన్స్ వర్సెస్ సీగె తీర్పు ఏకాంతంలోకి చొరబడటాన్ని సివిల్ తప్పుగా గుర్తించింది. ఒక బ్యాంకు ఉద్యోగిని నాలుగేళ్లలో కనీసం 174 సార్లు మరో ఉద్యోగిని ఖాతా తెరిచి చూసిన కేసు అది. 10,000 డాలర్ల పరిహారం ఇచ్చారు, ఆర్థిక నష్టం చూపనక్కర్లేదన్నారు. దాంతో డేటా లీకయిన ప్రతి కంపెనీ మీదా ఇదే దావా వేయడం మొదలైంది. 2022 నవంబరులో ఎక్విఫాక్స్ మీద వచ్చిన దావాలో ఒంటారియో అప్పీలు కోర్టు ఆ తలుపు మూసింది. చొరబడింది హ్యాకర్లు, డేటాను సరిగా కాపాడకపోవడం కంపెనీ తప్పే కావచ్చు, కానీ అది చొరబాటు కాదు. కంపెనీ మీద నిర్లక్ష్యం, ఒప్పంద ఉల్లంఘన దావాలు మిగులుతాయి, వాటికి నష్టం నిరూపించాలి.

అంటే తన మెయిల్ తెరిచిన ఎక్స్ మీద మోహన్ వేసే చొరబాటు దావా చెల్లుతుంది, హోస్టింగ్ కంపెనీ మీద చెల్లదు. క్రిమినల్ కోడ్ గీసిన గీతనే సివిల్ కోర్టు కూడా మళ్లీ గీసింది: ఏ చర్య ఎవరిది?

బాధ్యత లేకపోయినా ఆదేశం రావచ్చన్నది ఇంకో సంగతి. 2017లో గూగుల్ వర్సెస్ ఈక్వస్టెక్ కేసులో గూగుల్ ఏ తప్పూ చేయలేదు. అయినా తప్పు చేసిన కంపెనీ పేజీలను ప్రపంచమంతటా శోధన ఫలితాల్లోంచి తీసేయమన్న ఆదేశాన్ని కెనడా సుప్రీంకోర్టు సమర్థించింది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు ఆ ఆదేశం అమెరికాలో అమలు కాకుండా ఆపింది, సెక్షన్ 230 చూపిస్తూ. రెండు దేశాల దృష్టిలో తేడా ఎంతో చెప్పడానికి ఈ ఒక్క వ్యవహారం చాలు.

ఇదే కథ హైదరాబాద్‌లో

అక్కడ ఎల్‌ఎల్‌బీ చదివి ఇక్కడ మళ్లీ పరీక్ష రాసేవారికి ఈ పోలిక పనికొస్తుంది. భారత ఐటీ చట్టంలో అనధికార ప్రవేశానికి 43తో కలిపి 66, పాస్‌వర్డ్ దుర్వినియోగానికి 66సీ, కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసగించడానికి 66డీ. మూడింటికీ గరిష్ఠం 3 ఏళ్లే. వేదికలకు సెక్షన్ 79 అనే గొడుగు ఉంది. 2015 నాటి శ్రేయా సింఘాల్ తీర్పు తర్వాత, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటీసో అందితేనే వేదికకు 'తెలిసినట్టు'. కాబట్టి ఒక బ్యాంకు ప్రైవేటుగా పంపిన ఫిర్యాదును తొమ్మిది రోజులు పక్కన పెట్టినంత మాత్రాన ఆ గొడుగు ఎగిరిపోతుందని చెప్పలేం. ఎటోబికోలో అదే ఫిర్యాదు మొత్తం వాదనకు ఇరుసు. కుట్రలో, ప్రేరేపణలో పాలుపంచుకున్న జెడ్ లాంటివాడిని మాత్రం 79 కూడా కాపాడదు.

ఆ గొడుగు మొదటి నుంచీ ఇంత పెద్దది కాదు. సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే విశాక ఇండస్ట్రీస్, 2008లో గూగుల్ గ్రూపులో వచ్చిన రాతలు తమ పరువు తీశాయని పెట్టిన కేసులో, 2009 సవరణకు ముందున్న 79 ఐటీ చట్టం కిందికి వచ్చే బాధ్యతలకే పరిమితమని, పరువునష్టం నేరానికి అడ్డు కాదని 2019 డిసెంబరు 10న భారత సుప్రీంకోర్టు తేల్చింది.

సాక్ష్యం, హద్దు

ఎక్స్ ఎవరో తేల్చేది లాగిన్ రికార్డు. మెయిల్ కంపెనీల లాగులు తరచు యూటీసీ సమయంలో ఉంటాయి, బ్యాంకు రసీదు టొరంటో సమయంలో ఉంటుంది. శ్రావణి ఆగస్టు 12 రాత్రి 9:52కు డబ్బు పంపింది. లాగులో తెలియని లాగిన్ ఆగస్టు 13, 02:04. చూడగానే నాలుగు గంటల తర్వాత, అదీ మర్నాడు జరిగినట్టుంటుంది. వేసవిలో టొరంటో యూటీసీకి నాలుగు గంటలు వెనక, కాబట్టి అది ఆగస్టు 12 రాత్రి 10:04, అంటే పన్నెండు నిమిషాల తర్వాత. నవంబరు మొదటి ఆదివారం తర్వాత తేడా ఐదు గంటలు. ఈ మార్పిడి చేయని నివేదికను డిఫెన్స్ లాయరు నిమిషంలో చీల్చేస్తాడు.

లాగులు ఎక్కువ కాలం ఉండవు. అందుకే పోలీసు అధికారి జడ్జి దగ్గరికి వెళ్లకుండానే, సెక్షన్ 487.012 కింద, 21 రోజుల పాటు డేటాను చెరపవద్దని కంపెనీని కోరవచ్చు. దాచమనడం వరకే, ఇవ్వమనడానికి కోర్టు ఉత్తర్వు కావాలి. ఐపీ చిరునామా ఉత్త అంకెలే కదా, దానికీ ఉత్తర్వు ఎందుకన్న వాదనకు 2024 మార్చి 1న బైకోవెట్స్ తీర్పు సమాధానమిచ్చింది. ఒక చెల్లింపుల కంపెనీని అడిగి పోలీసులు ఐపీ చిరునామాలు తీసుకున్న కేసు అది. దానికి కూడా గోప్యత ఉందని సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో చెప్పింది. ఆ తర్వాత రాసే సమాధానంలో "పోలీసులు కంపెనీకి ఫోన్ చేసి ఐపీ తీసుకుంటారు" అన్న వాక్యం ఉండకూడదు.

ఎక్స్ ఇంకో దేశంలో కూర్చుని చేశాడనుకుందాం. 1985 నాటి లిబ్మన్ కేసులో టొరంటో నుంచి ఫోన్లు చేసి అమెరికా వాళ్లకు పనికిరాని షేర్లు అంటగట్టారు. నష్టపోయినవారు అక్కడ, డబ్బు వెళ్లింది మధ్య అమెరికాకు. నేరానికీ కెనడాకూ నిజమైన, గట్టి సంబంధం ఉంటే చాలని సుప్రీంకోర్టు కేసును నిలిపింది. ఎటోబికో కథలో దిశ తిరగబడింది, సూత్రం అదే: చదివింది ఇక్కడి మనిషి మెయిల్, పోయింది ఇక్కడి డబ్బు. ఒంటారియో కోర్టుకు విచారించే అధికారం ఉంటుంది. ఎక్స్‌ను కోర్టు ముందు నిలబెట్టాలంటే అతనున్న దేశంతో నేరస్థుల అప్పగింత ఒప్పందం ఉందో లేదో చూడాలి, అది వేరే ప్రశ్న.